పది నెలల బీపీ పదేళ్లదైతే: డిశ్చార్జి సమ్మరీ రాసే డాక్టర్లకు, ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్రైవేటు ఆసుపత్రుల్లో డిశ్చార్జి సమ్మరీలు రాసే డ్యూటీ డాక్టర్లకు, వాటి మీద సంతకం చేసే పెద్ద డాక్టర్లకు, ఇన్సూరెన్స్ డెస్కుల్లో కూర్చునే సిబ్బందికి,

నమస్కారం.

నేను కొన్నేళ్లు ఒక టీపీఏలో పనిచేశాను. ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున క్లెయిం కాగితాలు పరిశీలించే సంస్థను టీపీఏ అంటారని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగం మానేసి ఊరికి వచ్చాక, ఆసుపత్రి ఫైలు సంచిలో పెట్టుకుని ఎవరో ఒకరు మా ఇంటి గుమ్మం ఎక్కుతూనే ఉన్నారు. వాళ్లడిగేది ఒకటే: "ఇందులో ఏం రాశారో కాస్త చదివి చెప్పండి." అప్పటికే డబ్బు కట్టేసి ఉంటారు. సగం మందికి కంపెనీ నుంచి తిరస్కరణ ఉత్తరం కూడా వచ్చేసి ఉంటుంది. నేను చదివి చెప్పేది ఆ పరిస్థితిలో. అదే మాట ఆసుపత్రి గడప దాటకముందు మీరు చెప్పి ఉంటే చాలా ఫైళ్లు మా ఇంటి దాకా వచ్చేవే కావు. ఈ ఉత్తరం అందుకే.

మీరు రాసే సమ్మరీని వైద్యం కోసం రాస్తారు. తర్వాత చూసే డాక్టరుకు రోగి సంగతి తెలియాలని రాస్తారు. క్లెయిం టేబుల్ దగ్గర కూర్చున్నవాడు మాత్రం దాన్ని సాక్ష్యంగా చదువుతాడు. వాడికి రోగి కనపడడు, రోగి కొడుకు మాట వినపడదు. మీ కాగితం ఒక్కటే కనపడుతుంది. అందులోనూ అన్ని పేరాలూ ఒకే శ్రద్ధతో చదవడు. మొదట చూసేది జబ్బు పేరు, రెండోది పాత జబ్బుల వరస, మూడోది లక్షణాలు ఎన్నాళ్ల నుంచి అన్న మాట. ఆ మూడూ చూసి పాలసీ మొదలైన తేదీ చూస్తాడు. ఫైలు ఏ దారిన పోతుందో దాదాపు అక్కడే తేలిపోతుంది.

ఒక కేసు చెబుతాను. ఊరూ పేరూ వద్దు, ఆసుపత్రి పేరూ వద్దు.

పల్నాడు వైపు ఒక కుటుంబం. తండ్రి పేరు మీద, ఇంటిల్లిపాదికీ కలిపి 5 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ పాలసీ 2023 జూన్‌లో మొదలైంది. 2025 ఫిబ్రవరిలో, ఒక రాత్రి, తల్లికి గుండెపోటు వచ్చింది. వయసు 52. కొడుకు కారులో పట్నంలోని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు "షుగర్ ఉందా, బీపీ ఉందా" అని అడిగితే, "షుగర్ లేదండీ, బీపీకి పది నెలల నుంచి బిళ్ల వేసుకుంటోంది" అన్నాడు. ఆంజియోగ్రాం చేశారు, కుడివైపు రక్తనాళంలో స్టెంటు వేశారు, నాలుగో రోజు ఇంటికి పంపారు. వైద్యంలో వంక పెట్టడానికేమీ లేదు. ఆమె ఇప్పుడు బాగున్నారు. అందుకు ఆ డాక్టర్లకు ఆ ఇంట్లోవాళ్లు దండం పెడతారు, నేనూ పెడతాను.

క్యాష్‌లెస్ మాత్రం రాలేదు. 2,18,400 రూపాయల బిల్లు అప్పోసొప్పో చేసి కట్టి, రీయింబర్స్‌మెంటుకు పెట్టుకున్నారు. కొన్నాళ్లకు ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో ఉన్న ఆ ఉత్తరం సారాంశం ఇది: డిశ్చార్జి సమ్మరీ ప్రకారం రోగికి పదేళ్లుగా బీపీ ఉంది, అంటే పాలసీ తీసుకునేనాటికే ఉంది, ప్రపోజల్ ఫారంలో ఆ సంగతి దాచారు, కాబట్టి క్లెయిం చెల్లదు.

కొడుకు నా ముందు కూర్చుని, "మా అమ్మకి బీపీ బయటపడిందే మొన్నటి ఉగాది తర్వాత బాబాయ్. పదేళ్లేంటి?" అన్నాడు.

సమ్మరీ తీసి చూశాను. పాత జబ్బుల దగ్గర ఇలా ఉంది: "కె/సి/ఓ హెచ్‌టీఎన్, 10 వై, ఆన్ ట్రీట్‌మెంట్." కె/సి/ఓ అంటే ఈ జబ్బు ఉన్నట్టు ముందే తెలిసిన రోగి అని. హెచ్‌టీఎన్ అంటే బీపీ. 10 వై అంటే పదేళ్లు. నెలలు అని రాయాలంటే వై బదులు ఎం ఉండాలి. ఆ ఒక్క అక్షరం అర్ధరాత్రి దాటాక క్యాజువాలిటీ కాగితం మీద పడింది. దాన్ని ఎవరూ కావాలని రాయలేదు. అయితే అక్కడ పడ్డది అక్కడే ఆగలేదు, మీరు గమనించాల్సింది అది. క్యాజువాలిటీ కాగితం చూసి వార్డులో అడ్మిషన్ నోట్సు రాశారు. అవి చూసి సమ్మరీ టైపు చేశారు. ఇన్సూరెన్స్ డెస్కులో క్యాష్‌లెస్ అనుమతి ఫారం నింపారు.

ఆ ఫారం సంగతి మీకు తెలిసిందే. షుగరు, గుండెజబ్బు, బీపీ, ఆస్తమా, ఇలా ఒక్కొక్క పాత జబ్బు ఎదురుగా గడి ఉంటుంది. ఆ గడి ఎన్నేళ్లు అని అడగదు, ఏ నెల, ఏ సంవత్సరం నుంచి అని అడుగుతుంది. డెస్కు దగ్గరి అమ్మాయి ఏం చేసింది? క్యాజువాలిటీ కాగితంలో పదేళ్లు అని ఉంది కదా, 2025 ఫిబ్రవరి నుంచి పదేళ్లు వెనక్కి లెక్కేసి "02/2015" అని వేసింది. ఎవరూ చెప్పని తేదీ ఒకటి పుట్టింది. ఉజ్జాయింపుగా రాసిన అంకెకు ఆ గడిలోకి వెళ్లగానే రికార్డు విలువ వచ్చేసింది. నేను టేబుల్‌కి అవతలి వైపు కూర్చున్నప్పుడు అలాంటి తేదీ కనపడితే, ఏ పాత చీటీలోనో చూసి వేశారనే అనుకునేవాణ్ణి. ఎవరైనా అలాగే అనుకుంటారు.

కంపెనీకి ఎందుకంత పట్టుదల అంటే, అందులో వాళ్ల న్యాయం వాళ్లకుంది. పాలసీ మొదలయ్యే తేదీకి ముందు 36 నెలల లోపు డాక్టరు కనిపెట్టిన జబ్బును, లేదా ఆ కాలంలో మందు వాడిన జబ్బును, ముందునుంచీ ఉన్న జబ్బుగా లెక్కిస్తారు. దానికి గరిష్ఠంగా 36 నెలల వెయిటింగ్, అంటే ఆ జబ్బుకు క్లెయిం ఇవ్వని కాలం, పెట్టుకోవచ్చు. పైగా ప్రపోజల్ ఫారంలో అడిగినప్పుడు చెప్పకపోతే దాచారంటారు. తెగకుండా 60 నెలలు పాలసీ నడిచిపోతే, మోసమని రుజువైతే తప్ప ఆ వంకతో క్లెయిం తోసేయడానికి లేదు. ఈ కుటుంబానికి అప్పటికి నడిచింది 20 నెలలు. కాబట్టి వాళ్ల 2,18,400 రూపాయలూ ఆ ఒక్క అక్షరం మీదే నిలబడ్డాయి. పది నెలలైతే పాలసీ తీసుకున్నాక వచ్చిన బీపీ, చెప్పడానికీ దాచడానికీ ఏమీ లేదు. పదేళ్లయితే దాచిన జబ్బు.

ఇక్కడ మీకు నా మొదటి విన్నపం, ఖర్చు లేనిది. ఎన్నేళ్లు, ఎన్ని నెలలు అని రాయకండి. ఎప్పటి నుంచి అని నెలా సంవత్సరమూ రాయండి. "ఏప్రిల్ 2024 నుంచి బీపీ, ఫలానా మందు, ఫలానా డోసు" అని రాస్తే వై, ఎం గొడవే ఉండదు. మనవాళ్లకు తేదీలు గుర్తుండవంటారేమో. తేదీలు గుర్తుండవు, పండగలూ పంటలూ గుర్తుంటాయి. ఉగాది తర్వాత, మిర్చి కోతలప్పుడు, చిన్నమ్మాయి పెళ్లికి ముందు, ఇలా చెబుతారు. తెలుగు తెలిసిన నర్సమ్మ రెండు ప్రశ్నలు వేస్తే నెల తేలిపోతుంది. రోగి చెప్పలేని స్థితిలో ఉంటే, చెప్పింది ఎవరో కూడా రాయండి: "కొడుకు చెప్పిన ప్రకారం" అని. మామయ్యో పక్కింటాయనో తోచింది చెప్పిన మాటకీ రోగి తనంతట చెప్పిన మాటకీ తేడా ఉంది. ఆ తేడా కాగితం మీద కనపడాలి.

ఇక ఆ సమ్మరీని వాళ్లకు నేను ఎలా చదివి చెప్పానో రాస్తాను. మీ దగ్గర ఎవరైనా ఈ పని చెయ్యాలనుకుంటే పనికొస్తుంది.

జబ్బు పేరు దగ్గర మొత్తం పొడి అక్షరాలే ఉన్నాయి: సీఏడీ, ఏసీఎస్, ఐడబ్ల్యూఎంఐ, పీటీసీఏ విత్ స్టెంట్ టు ఆర్‌సీఏ. "గుండెకు రక్తం తెచ్చే నాళాల్లో కొవ్వు పేరుకుంది. అందులో ఒకటి ఉన్నట్టుండి మూసుకుపోయి గుండె కింది గోడకు దెబ్బ తగిలింది. చేతి నరం గుండా తీగ పంపి, కుడి నాళం తెరిచి, మళ్లీ మూసుకుపోకుండా స్టెంటు పెట్టారు" అని చెప్పాను. తల్లి అంతా విని, "అంటే ఆపరేషనేగా?" అంది. కోత లేని ఆపరేషనన్నాను. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. ఇంటికెళ్లాక ఆ రెండు రకాల రక్తం పలచబడే బిళ్లలు ఎందుకు మానకూడదో కూడా అప్పుడే ఆమెకు తెలిసింది. అది క్లెయింకి సంబంధించింది కాదు, అంతకంటే పెద్ద విషయం.

తర్వాత లక్షణాలు: "ఛాతీ నొప్పి, 3 గంటల నుంచి" అని సరిగ్గానే ఉంది. ఇది సరిగ్గా ఉండబట్టి బతికిపోయారు. ఇలాంటి చోట "ఏడాదిగా అప్పుడప్పుడు ఆయాసం" అని అలవాటుగా రాసేస్తారు కొందరు. మెట్లెక్కితే ఎవరికైనా ఆయాసం వస్తుంది, అడిగితే అవునంటారు. అది సమ్మరీకి ఎక్కితే, ఏడాది కిందటే గుండెజబ్బు ఉందన్నమాట, అప్పటి రిపోర్టులు పంపండి అని క్వెరీ వస్తుంది. లేని రిపోర్టు ఎక్కణ్ణుంచి తెస్తారు? ఆయాసానికి అప్పట్లో డాక్టరు దగ్గరికి వెళ్లారా లేదా అన్నది కూడా ఒక ముక్క రాస్తే ఆ క్వెరీ పుట్టదు.

పాత జబ్బుల వరసలో మరో ప్రమాదం కె/సి/ఓకు ముందు ఉండే ఎన్. ఎన్ ఉంటే ఆ జబ్బు లేదని, ఎన్ లేకపోతే ఉందని. షుగర్ ఎదురుగా ఈ కుటుంబం కాగితంలో ఎన్ ఉంది, అచ్చు కూడా స్పష్టంగా ఉంది. పాత సమ్మరీ ఫైలు తెరిచి పేరు మార్చి టైపు చేసే చోట్ల, ఆ ఎన్ పోయిన కాగితాలు నేను చూశాను. తాగుడు అలవాటు గురించి రాసేటప్పుడు కూడా అంతే. ఎప్పుడో పెళ్లిలో తాగుతానన్నవాడికి "ఆల్కహాలిక్" అని ఒక్క మాట పెడితే, కాలేయానికో క్లోమానికో వచ్చిన జబ్బులో క్లెయిం అక్కడే ఆగిపోతుంది. తాగుడు వల్లే వచ్చిందని మీకు నిజంగా అనిపిస్తే రాయండి, అది మీ ధర్మం. అనుమానమైతే ముందు ప్రశ్నార్థకం పెట్టి వదిలేయకుండా, పరీక్షలు వచ్చాక అది తేలిందో లేదో డిశ్చార్జి నాటికి రాయండి. కుటుంబానికి ఆ ప్రశ్నార్థకం కనపడనైనా కనపడదు. క్లెయిం చూసేవాడికి అది తప్ప ఇంకేమీ కనపడదు.

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఏం జరిగిందనే పేరా గుండెపోటు కేసులో పెద్ద సమస్య కాదు. వానాకాలం జ్వరాల్లో అదే సమస్య. డెంగీ అని చేర్చుకుని, నాలుగు రోజులు సెలైను పెట్టి, సమ్మరీలో "రోగి నిలకడగా ఉన్నారు, మందులతో నయమైంది" అని మాత్రమే రాస్తారు. నిలకడగా ఉన్నవాణ్ణి ఎందుకు చేర్చుకున్నారు, ఇంటి దగ్గర బిళ్లలు వేసుకుంటే సరిపోయేది కదా అని అవతలివాడు అంటాడు. చేర్చుకున్న రోజు బీపీ ఎంత పడిపోయింది, వాంతులు ఎన్నిసార్లు, నోటి ద్వారా ఏమైనా తీసుకోగలిగారా, ప్లేట్‌లెట్లు రోజురోజుకీ ఎలా మారాయి, ఇవన్నీ మీ కేస్‌షీటులో ఉంటాయి. సమ్మరీలో ఉండవు. చేర్చుకోవడానికి కారణమైన ఆ రెండు వాక్యాలు సమ్మరీకి ఎక్కించండి చాలు.

క్లెయిం ఫారం సంగతికి వస్తాను. అది రెండు భాగాలు. పార్ట్ ఏ పాలసీదారు నింపాలి, పార్ట్ బీ ఆసుపత్రి నింపి ముద్ర వేయాలి. రెండూ ఇంగ్లీషులోనే ఉంటాయి. ఈ కొడుకు పార్ట్ ఏను ఒక నెట్ సెంటర్లో నింపించుకున్నాడు. "జబ్బు మొదట కనిపెట్టిన తేదీ" అన్న గడిలో ఏప్రిల్ 2024 అని ఉంది. అది బీపీ కనిపెట్టిన నెల. ఆ గడి అడిగేది ఏ జబ్బుకు ఆసుపత్రిలో చేరారో దాని తేదీ, అంటే గుండెపోటు వచ్చిన రోజు. అబద్ధం రాయలేదు, అడిగిందొకటైతే చెప్పిందొకటి. దాంతో ఆసుపత్రి ఫారంలో 2015, ఇంటివాళ్ల ఫారంలో 2024, కంపెనీకి అనుమానం రెట్టింపయింది.

అదే పార్ట్ ఏలో, తెగకుండా నడుస్తున్న మొదటి ఇన్సూరెన్స్ ఎప్పుడు మొదలైందని ఇంకో గడి ఉంటుంది. కంపెనీ మార్చుకున్నవాళ్లు చాలామంది అక్కడ కొత్త పాలసీ తేదీ వేస్తారు. పాత కంపెనీలో నాలుగేళ్లు నడిపి పోర్ట్ చేసుకున్నవాళ్లు ఆ నాలుగేళ్లనూ తమ చేత్తో కొట్టేసుకున్నట్టే. వెయిటింగ్ లెక్కంతా ఆ తేదీ నుంచే కదా. వీళ్లకు ఆ బాధ లేదు, వీళ్లది మొదటి పాలసీయే. బ్యాంకు ఖాతా దగ్గర మాత్రం కొడుకు తన ఖాతా నంబరు ఇచ్చాడు, డబ్బు కట్టింది తనే కాబట్టి. పాలసీ ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతా ఇవ్వాలి, అంటే తండ్రిది, పేరు అచ్చు వేసిన క్యాన్సిల్డ్ చెక్కుతో సహా. డిశ్చార్జి తర్వాత కొన్న మందుల బిల్లులకు వేరే గడి ఉందని కూడా వాళ్లకు తెలీదు. పాలసీలో చెప్పినన్ని రోజుల వరకూ అవీ వస్తాయి, ప్రిస్క్రిప్షన్ జతచేస్తే.

పార్ట్ బీ మీ పని. అందులో జబ్బుకు ఒక కోడ్ వేయాలి. ఈ కేసులో సరైన కోడ్ I21.1, గుండె కింది గోడకు అప్పుడే వచ్చిన గుండెపోటు. వేసింది I25 వరసలోది. I25 అంటే దీర్ఘకాలంగా ఉన్న గుండె రక్తనాళాల జబ్బు. నాళాల్లో కొవ్వు ఉన్నమాట నిజమే కాబట్టి అది అదనపు జబ్బుగా వేస్తే తప్పు లేదు. దాన్నే మొదటి గడిలో వేస్తే, రాత్రికి రాత్రి వచ్చిన గుండెపోటు కాగితం మీద పాత జబ్బయిపోతుంది. పదేళ్ల బీపీకి దీర్ఘకాలపు గుండెజబ్బు తోడైతే, అవతలివాడికి కథ చక్కగా కుదిరిపోయింది.

బిల్లు కూడా "స్టెంట్ ప్యాకేజీ" అని ఒక్క లైనులో ఇచ్చారు. విడివిడిగా కావాలని క్వెరీ వచ్చాక గానీ, గది, క్యాథ్‌ల్యాబ్, డాక్టరు ఫీజు, స్టెంటు, మందులు వేరుచేసి ఇవ్వలేదు. స్టెంటు బిల్లూ, దాని పెట్టె మీది స్టిక్కరూ ఫైల్లో ఉండాలి. ఈ ఫైల్లో స్టిక్కరు ఉంది, ఆ క్యాథ్‌ల్యాబ్ టెక్నీషియన్‌కు నా నమస్కారాలు.

ఇప్పుడు ఆ పదేళ్లను ఎలా దిద్దారో చెబుతాను, ఎందుకంటే ఇక్కడ మీ వైపు రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. కొన్ని ఆసుపత్రులు "ఒకసారి ఇచ్చాక మార్చం" అని కిటికీ మూసేస్తాయి. ఇంకొన్ని మరీ మంచివి, అడగ్గానే సమ్మరీలో వై తీసి ఎం పెట్టి, అదే తేదీతో కొత్త ప్రింటు ఇచ్చేస్తాయి. రెండోది ఇంకా ప్రమాదం. పాత సమ్మరీ అప్పటికే క్యాష్‌లెస్ ఫైల్లో కంపెనీ దగ్గరుంది. ఒకే ఐపీ నంబరుతో రెండు రకాల సమ్మరీలు కనపడగానే కాగితాలు దిద్దారని రాస్తారు, విచారణకు మనిషిని పంపుతారు. అక్కణ్ణుంచి నిజం కూడా అబద్ధంలాగే కనపడుతుంది.

కొడుకును ముందు కేస్‌షీటు నకలు అడగమన్నాను. వైద్య మండలి 2002 నాటి నియమావళి ప్రకారం, రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఆసుపత్రి ఇచ్చింది. అందులో నర్సింగ్ అసెస్‌మెంట్ షీటు ఉంది, అడ్మిషన్ రోజే తెల్లవారాక రోగిని అడిగి రాసింది. దాని మీద గుండ్రటి అక్షరాలతో "హెచ్‌టీఎన్ 10 మంత్స్, టెల్మిసార్టాన్ 40" అని పూర్తిగా ఉంది. పది నెలలు అన్న మాట ఆసుపత్రి రికార్డులోనే, డబ్బు గొడవ మొదలవక ముందే ఉందన్నమాట. దానికి తోడు, 2024 ఏప్రిల్‌లో ఊళ్లో డాక్టరుగారు మొదటిసారి బీపీ చూసి మందు రాసిన చీటీ దొరికింది, గోడకున్న ఇనప చువ్వకు గుచ్చి. ఈ రెండూ పట్టుకుని సంతకం చేసిన గుండె డాక్టరు దగ్గరికే వెళ్లమన్నాను. ఆయన సమ్మరీని ముట్టుకోలేదు. లెటర్‌హెడ్ మీద ఆ రోజు తేదీతోనే ఒక వివరణ రాశారు: సమ్మరీలో బీపీ కాలం పదేళ్లని పడింది, నర్సింగ్ షీటు, మొదటి ప్రిస్క్రిప్షన్ చూశాక అది పది నెలలని నిర్ధారించుకున్నాను, క్యాజువాలిటీ నోట్సులో పొరపాటు వల్ల అలా జరిగింది అని. ఐపీ నంబరు, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, ముద్ర. పాతది అలాగే ఉంటుంది, దిద్దుబాటు దాని పక్కన ఉంటుంది, ఎందుకు దిద్దారో ఆధారం ఉంటుంది. దిద్దే పద్ధతి అదే.

కోడ్ మార్చిన పార్ట్ బీ, విడివిడి బిల్లు, ఆ వివరణ, అన్నీ జతచేసి కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు పంపితే కేసు మళ్లీ తెరిచారు. 2,12,250 ఇచ్చారు. మిగతా 6,150 గ్లవ్స్ లాంటి పాలసీలో రాని సామాన్లది. అది న్యాయమే, వాటికి పోట్లాడవద్దన్నాను. అక్కడా కాకపోయి ఉంటే ఫిర్యాదు పెట్టుకునే బీమా భరోసా పోర్టల్, ఆపైన హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. అంబుడ్స్‌మన్ దగ్గర ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. వాళ్లు కూడా చివరికి చూసేది మీ కాగితాలే.

మీ వైపు కష్టం కూడా నాకు తెలుసు. పదేళ్ల షుగరును పది నెలలని రాయమని బతిమాలేవాళ్లు, బెదిరించేవాళ్లు మీ కిటికీ దగ్గరికి రోజూ వస్తారు. వాళ్లకు లొంగకండి. నా దగ్గరికీ వస్తారు. ప్రపోజల్ ఫారంలో ఏజెంటు మాట విని అన్నిటికీ "లేదు" అని టిక్కు పెట్టించుకున్నవాళ్లకు నేనేమీ చేయలేను, మీరూ చేయకూడదు. నేనడిగేది జరిగింది జరిగినట్టు రాయమని, రాసింది వాళ్లకు తెలిసేలా చెప్పమని. నిజంగా పదేళ్లుగా జబ్బున్న కుటుంబానికి కూడా ఆ సంగతి సమ్మరీలో ఉందని డిశ్చార్జి నాడే తెలిస్తే, రాని డబ్బు కోసం నెలల తరబడి తిరగరు.

డిశ్చార్జి రోజు సాయంత్రం మీ దగ్గర ఎంత హడావిడిగా ఉంటుందో చూశాను. మొత్తం సమ్మరీ తెలుగులోకి మార్చి ఇవ్వమని అడగడం లేదు, దాన్ని ఇంగ్లీషులోనే ఉంచండి, ఎక్కడి డాక్టరైనా చదవాలి కదా. సంతకం కాకముందు, డ్రాఫ్టు మీద ఉండగానే, నాలుగు సంగతులు తెలుగులో చదివి వినిపించండి: ఏ జబ్బు అని రాశాం, లక్షణాలు ఎన్నాళ్ల నుంచి అని రాశాం, పాత జబ్బులూ అలవాట్లూ ఏవి ఎప్పటి నుంచి అని రాశాం, ఎందుకు చేర్చుకున్నామని రాశాం. తప్పుంటే అక్కడే చెబుతారు, అక్కడే కేస్‌షీటు చూసి దిద్దవచ్చు. రోగికి తోడుగా ఉన్నవాళ్లలో సంగతి తెలిసిన మనిషిని పిలవండి. బిల్లు కట్టడానికి వచ్చిన అల్లుడికి అత్తగారి బీపీ ఎప్పుడొచ్చిందో తెలియకపోవచ్చు.

పాలసీ ముఖ్యాంశాల పత్రాన్ని, అడిగినవాళ్లకు వాళ్ల భాషలో ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2023లోనే కంపెనీలకు చెప్పింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉంది. కంపెనీలకు చెప్పిన ఆ మాటను మీకెవరూ చెప్పలేదు, నిజమే. కానీ మీ సమ్మరీల్లో చాలావాటి అడుగున ఒక లైను అచ్చువేసి ఉంటుంది, ఇందులోని విషయాలు నాకు అర్థమయ్యే భాషలో వివరించారు అని, పక్కన సంతకానికి జాగా. ఆ లైను కూడా ఇంగ్లీషులోనే ఉంటుంది. మందుల సంచీ ఒక చేత్తో పట్టుకుని మనవాళ్లు దాని కింద సంతకం పెట్టేస్తారు. ఆ ఒక్క లైనైనా తెలుగులో అచ్చువేయించండి. దాని కింద, చదివి వినిపించిన మీ ఉద్యోగి పేరుకీ సంతకానికీ కూడా ఒక గీత గీయించండి.

ఇట్లు,
ఒకప్పుడు క్లెయిం టేబుల్‌కి అవతల కూర్చున్న మనిషి